రెండో అక్షరం పక్కన సందు

అక్క ఫోన్ చేసేసరికి నేను గుడివాడలో మా ఇంట్లో పనిలో ఉన్నాను. నా పని లోగోలు పోల్చి చూడటం. హైదరాబాదులో ఉన్న ఒక ఆఫీసు కోసం ఇంట్లోనే కూర్చుని చేస్తాను. సబ్బులు, టీపొడి, బండి విడిభాగాలు ఇలా దేని మీదైనా అనుమానం వస్తే ఎవరో ఫోటో తీసి పంపుతారు. ఆ ఫోటో మీద కంపెనీ అసలు లోగోని పరిచి, వంపుల్లోనూ కోణాల్లోనూ అక్షరాల మధ్య ఎడంలోనూ తేడా ఉందేమో కొలిచి రాసి పంపిస్తాను. అంతకుముందు బందరులో ఒక ఫ్లెక్సీల షాపులో డిజైనర్‌గా చేశాను. అక్షరాల మీద చూపు అక్కడే కుదిరింది.

"కొట్టు ముందు జనం కూర్చున్నారే. మీ బావని బయటికి రానివ్వట్లేదు," అంది అక్క.

బావగారికి కృత్తివెన్నులో రొయ్యల చెరువుల మందుల కొట్టు ఉంది. మేత, ఖనిజాల పొడి, సున్నం, చెరువు అడుగు కుళ్ళకుండా వేసే ప్రోబయోటిక్ పొడి, అన్నీ అమ్ముతారు. ఆ పొడిలో మంచి చేసే సూక్ష్మజీవులుంటాయి. బెల్లం నీళ్ళలో కలిపి, డ్రమ్ములో ఒక రాత్రి నానబెట్టి, చెరువులో చల్లుతారు. అది బతికున్న పొడో ఉత్త పిండో కంటికి తెలియదు. ఆ పొడి వాడిన కొన్ని చెరువుల్లో రొయ్యలు మేత మానేసి, పేగు తెల్లబడి, గట్ల వెంట చచ్చి తేలాయి. రైతులు ప్యాకెట్లు పట్టుకుని కొట్టుకొచ్చారు. కంపెనీ తరఫున ఆ చుట్టుపక్కల తిరిగే ఆఫీసరు వచ్చి ప్యాకెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా సరుకు కాదండీ," అన్నాడు.

అక్క దగ్గర ఫోన్ తీసుకుని బావగారు మాట్లాడారు. "అమ్మాయ్, వాళ్ళు మాది కాదనేస్తే వాళ్ళకి పీడ వదిలిపోతుంది. దొంగసరుకు అమ్మినోణ్ణి నేనౌతాను. నీ పని అదే కదా. ఫోటో పంపిస్తున్నాను, చూసి చెప్పు. అది కంపెనీదే. నాకు తెలుసు."

ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి. ఆ రోజు ప్రతి మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నారు.

ఫోటో వచ్చింది. అసలు లోగో ఫైలు కావాలని ఆ ఆఫీసరునే అడిగాను. అడ్డు చెబుతాడనుకున్నాను గానీ, ఏ సంవత్సరం డిజైన్ ఏ ప్యాకెట్టు మీద వాడారో కూడా రాసి మెయిల్లో పంపాడు. లోగోలు మధ్యలో మారుతుంటాయి. పాత సరుకుని కొత్త లోగోతో పోలిస్తే మంచిది కూడా నకిలీగా కనపడుతుంది. అందుకని ముందు ఆ సంగతి తేల్చుకున్నాను. ఈ ప్యాకెట్టు మీదున్నది ఇప్పటి డిజైనే. వంగిన రొయ్య బొమ్మ, దాని కింద రెండు అలలు, ఆ కింద కంపెనీ పేరు.

అసలుదాన్ని ఎర్రగీతలో పెట్టి, సగం పారదర్శకంగా చేసి ఫోటో మీద పరిచాను. ఏ ఒక్కటీ కలవలేదు. రొయ్య తోక బయటికి పోయింది, పేరు చివరి అక్షరాలు చిన్నవైపోయాయి. ఇంకొకరైతే అక్కడే నకిలీ అని రాసేసేవారు. కానీ ఆ ఫోటో ప్రక్క నుంచి తీసింది. దగ్గరున్న వైపు పెద్దగా, దూరంగా ఉన్న వైపు చిన్నగా పడుతుంది. ప్యాకెట్టు అంచు వెంట నీలం గీతతో అచ్చువేసిన చట్రం ఉంది. ఆ చట్రం నాలుగు మూలల్నీ పట్టుకుని ఫోటోని తిన్నగా చేశాను. అప్పుడు మళ్ళీ పరిస్తే రొయ్య వీపు వచ్చి ఎర్రగీత మీద దాదాపుగా కూర్చుంది.

ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. వెంటనే అక్కకి చేశాను. "తేడా అంతా ఫోటో వంకర వల్లేనే, చాలావరకు కలిసిపోతోంది," అన్నాను. అక్క ఏడ్చింది. అవతల బావగారు ఎవరితోనో "చెప్పానా!" అనడం వినిపించింది.

ఫోన్ పెట్టేశాక ఇంకాస్త దగ్గరకి తెచ్చుకుని చూశాను. పేరులో రెండో అక్షరానికీ మూడో అక్షరానికీ మధ్య సందు అసలుదానికంటే కొంచెం ఎక్కువుంది. తిరిగి కొలిచాను. అలాగే ఉంది. ఆశ చావక నాకు నేనే కారణం చెప్పుకున్నాను. ప్యాకెట్టు నిండుగా ఉంది, సరిగ్గా ఆ సందు దగ్గరే పొట్ట ఉబ్బి ఉంది. మూలలు పట్టుకుని సరిచేసినా ఉబ్బు సరికాదు. ఉబ్బిన చోట కొలతను నమ్మకూడదు. అటూ చెప్పలేను, ఇటూ చెప్పలేను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

కృత్తివెన్నులో దిగేసరికి కొట్టు మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. వాళ్ళది మంగినపూడి దగ్గర సముద్రం మీద వేటాడే కుటుంబం. భర్త పోయాక పడవ అమ్మేసి, ఇక్కడ చెరువు కౌలుకి తీసుకుంది. చచ్చిపోయిన చెరువుల్లో ఆవిడదీ ఒకటి. మిగతా రైతులు వస్తున్నారు, తిడుతున్నారు, వెళ్తున్నారు. ఆవిడ మాత్రం అక్కణ్ణుంచి లేవలేదట.

"నువ్వేనా ఆయన మరదలివి?" అంది నన్ను చూసి.

"అవునండీ."

"మీ బావ వైపు చెప్పడానికొచ్చావన్నమాట."

"ఉన్నది చెప్పడానికొచ్చానండీ," అన్నాను. ఆ మాట అంటుంటే నాకే నమ్మకం లేదు. బావగారి వైపు చెప్పాలనే వచ్చాను.

లోపల బావగారు గడ్డం మాసిపోయి బల్ల మీద పడుకుని ఉన్నారు. అక్క నన్ను కొట్టుని ఆనుకుని ఉన్న తమ ఇంటి వంటింట్లోకి లాగి, చీర కొంగుకి ముడేసుకున్న తాళాలు చూపించింది. కొట్టుకి వెనక గదుంది. చెరువుల్లో పురుగూ నత్తా చావడానికి వాడే మందులన్నీ అందులోనే ఉంటాయి.

"రెండుసార్లు అడిగారు. సరుకు సర్దాలంటారు. నేనివ్వలేదు," అంది అక్క. కొంగు ముడి ఇంకోసారి బిగించుకుంది.

ఆఫీసరు బందరులోని కంపెనీ డిపో నుంచి అదే రకం మంచి ప్యాకెట్లు కొన్ని పట్టుకొచ్చాడు. కొట్టులో మిగిలినవాటిలో నుంచి రైతులే కొన్ని తీసిచ్చారు. రెండు రకాలనీ ఒకేలా ఫోటో తియ్యాలి. అందుకని పొడి వంచేసి, అతుకు పక్కనుంచి కోసి, ఖాళీ కవర్లని ప్లైవుడ్ చెక్క మీద లాగకుండా ముడతల్లేకుండా అంటించాను. అరుగు మీద నీడలో పెట్టాను. పక్కన స్టీలు స్కేలు ఉంచాను. ఫోన్ మరీ దగ్గర పెడితే అంచులు ఉబ్బినట్టు పడతాయి. కాస్త దూరం జరిపి, జూమ్ చేసి, చెక్కకి సరిగ్గా ఎదురుగా ఉండేలా ఎత్తు స్టూలు మీద ఆనించి తీశాను.

మెట్ల మీదావిడ లేచి వచ్చి నా వెనక నిలబడింది. "దాని మీద ఇది పెడితే తెలిసిపోద్దా?"

"చూడండి," అని ల్యాప్‌టాప్ ఆవిడ వైపు తిప్పాను. ముందు డిపో నుంచి వచ్చినవి పెట్టాను. అక్షరం ఎత్తు రెండింటిలోనూ సమానమయ్యేదాకా అసలు లోగోని పెంచాను. పొడవుకీ వెడల్పుకీ విడివిడిగా సాగదీయకూడదు. అలా చేస్తే ఏదైనా దేంతోనైనా కలిసిపోతుంది. మొదటి అక్షరం ఎడమ అంచుని ఆనవాలుగా పట్టుకుని జరిపాను. ఎర్రగీతా, ప్యాకెట్టు మీది గీతా ఒకే గీత అయిపోయాయి. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఎక్కడో వెంట్రుకవాసి తేడాలు ఉన్నాయి. కెమెరావల్ల, అచ్చువల్ల వచ్చే తేడా ఎంత ఉంటుందో వాటివల్ల తెలిసింది. అంతకు మించితేనే లెక్కలోకి తీసుకోవాలి.

తర్వాత కొట్టులోది పెట్టాను.

మొదటి అక్షరం కూర్చుంది. రెండోది కూర్చుంది. మూడోది పక్కకి జరిగింది. అక్కణ్ణుంచి చివరిదాకా పేరంతా జరిగిపోయింది. ఇప్పుడు ఉబ్బు లేదు, వంకర లేదు. సందుని అక్షరం ఎత్తుతో భాగించి చూశాను, ఎందుకంటే ఫోటో పెద్దదైనా చిన్నదైనా ఆ నిష్పత్తి మారదు. అసలువాటిలో ఎక్కడా రానంత పెద్దగా వచ్చింది. అల గీత పైకి లేచే కోణం, పేరు కింది అంచుతో పోలిస్తే, అసలుదానికంటే కొంచెం వాలుగా ఉంది. రొయ్య వీపు అసలుదాంట్లో ఒకే గుండ్రం. ఇందులో మధ్యన చిన్న చదును. ఎవరో ప్యాకెట్టుని స్కాన్ చేసి, దాని మీద గీత గీసుకుని, దగ్గర పోలికలున్న అక్షరాలు వెతికి పేరు మళ్ళీ కూర్చారు. ఫ్లెక్సీల షాపులో కస్టమర్లు లోగో ఫైలు తేకపోతే మేమూ అలాగే గీసేవాళ్ళం. ఆ చదును ఎలా వస్తుందో నాకు బాగా తెలుసు.

"ఇంకోటి చూడు," అన్నారు బావగారు. ఎప్పుడు లేచొచ్చారో గుమ్మం పట్టుకుని నిలబడ్డారు.

ఇంకోటి చూశాను. అదే సందు, అదే చదును.

"అచ్చు జరిగి ఉంటుందమ్మాయ్. మెషీన్లో ఒక్కోసారి జరుగుతుంది."

"జరిగితే రంగు మొత్తం ఒకవైపు జరుగుతుంది బావగారూ. ఒక్క సందే పెరగదు. అన్నిట్లోనూ ఒకేలా పెరగదు."

"ఇంకోటి."

కొట్టులోని ప్యాకెట్లన్నీ అయిపోయేదాకా ఆయన అదే మాట అన్నారు. నేను అంటిస్తూ, తీస్తూ, పరుస్తూ పోయాను. ప్రతిసారీ మూడో అక్షరం దగ్గర నాకు కళ్ళు మూసుకోవాలనిపించింది. చివరిదానికి ఆయన "ఇంకోటి" అనలేదు. అక్క వైపు తిరిగి, "తాళాలియ్యవే," అన్నారు.

"ఇవ్వను," అంది అక్క.

"పోలీసులొస్తే సరుకు చూపించాలి."

"వచ్చినప్పుడు నేను చూపిస్తాను."

ఆయన చెయ్యి చాచే ఉంచారు. అక్క కొంగుని రెండు చేతుల్తో బిగించి పట్టుకుంది. అక్కడున్న రైతులకి ఏమర్థమైందో తెలియదు గానీ అప్పటిదాకా అరుస్తున్నవాళ్ళు ఆగిపోయారు. మెట్ల మీదావిడే వచ్చి ఆయన చెయ్యి కిందికి దించింది. "కూకోవయ్యా," అంది. కోపంగానే అంది.

తర్వాత నన్నడిగింది. "అంటే మా రొయ్య దీనివల్లే పోయిందని తేలినట్టేనా?"

"ఇది కంపెనీ వాళ్ళ బొమ్మతో అచ్చేసింది కాదని మాత్రం తేలిందండీ. లోపల ఏముందో ల్యాబు చెప్పాలి. రొయ్య ఎందుకు పోయిందో అదీ వేరే తేలాలి."

"ఇంత కొలిచి ఇంతేనా?"

"ఇంతేనండీ."

ఆవిడ నన్ను చూసిన చూపుకి తల దించుకున్నాను. అప్పుడే ఆవిడ ఫోన్ మోగింది. మాట్లాడుతుండగానే ముఖం మారిపోయింది. దివిసీమలో ఆవిడ తమ్ముడికి చెరువుంది. ఈ కొట్టులోని ప్యాకెట్లే ఆవిడ చేత కొనిపించుకుని తీసుకెళ్ళాడు. ఇంకా ఏదీ తేలలేదు కదా అని ఆవిడ అతనికి ఈ సంగతి చెప్పలేదు. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడటానికి నీళ్ళలో ఉంచే చెక్ ట్రేని పొద్దున ఎత్తి చూస్తే మేత అలాగే ఉందట, కొన్ని రొయ్యలకి పేగు తెల్లగా కనిపిస్తోందట. నిన్న సాయంత్రమే పొడి బెల్లం నీళ్ళలో నానబెట్టాడు. డ్రమ్ము గట్టు మీద ఉంది. పోసెయ్యబోతున్నాడు.

"ఆగు, ఆగరా! పొయ్యొద్దు!" అని అరిచి ఫోన్ నా చేతిలో పెట్టింది.

"అన్నయ్యగారూ, ఖాళీ ప్యాకెట్టు ఉందా?"

"ఉందమ్మా. ఏదో ఒకటి తొందరగా చెప్పు. ఇప్పుడు వెయ్యకపోతే సాయంత్రానికి ఏమౌద్దో తెలీదు."

మొదటి ఫోటో చేత్తో పట్టుకుని తీశాడు. ప్యాకెట్టు మడతలు పడింది, ఎండ మెరుపులో పేరు సగం కనపడలేదు. దాన్ని చూసి ఏమీ చెప్పలేను. మంచిదాన్ని పారబోయించినా నష్టమే, చెడ్డదాన్ని పోయించినా నష్టమే. "దాన్ని తడి లేకుండా తుడిచి, మోటారు షెడ్డులో చెక్క మీద పరవండి. మూలల మీద రాళ్ళు పెట్టండి. నీలం గీత మూలలు నాలుగూ కనపడాలి. మీరు దాని మీదికి వంగి సూటిగా తియ్యండి," అన్నాను. అతని ఆయాసం వినిపిస్తోంది. వెనక చెరువుకి గాలి పట్టించే ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్న మోత.

రెండో ఫోటో వచ్చింది. చట్రం సరిచేసి, ఎత్తు కలిపి, పరిచాను. చుట్టూ అందరూ వంగి చూస్తున్నారు. ఈసారి నేను చెప్పకముందే ఆవిడ వేలు పెట్టి చూపించింది.

"అదుగో, సందు."

కొలిచాను. కొట్టులోవాటితో సరిగ్గా కలిసింది.

"పొయ్యకండి అన్నయ్యగారూ. ఇది మంచిది కాదు."

"మరి ఏది పొయ్యనమ్మా?" అన్నాడతను.

తప్పుడుదేదో చూపించగలిగాను గానీ, మంచిది అతని చేతిలో పెట్టలేను. ఆఫీసరు కలగజేసుకుని అవనిగడ్డలో తమ సరుకు ఉన్న చోటుకి ఫోన్ చేశాడు. అక్కడ నుంచి మనిషిని పంపిస్తామన్నారు. ఈలోగా మేత ఆపి ఏరియేటర్లు ఆపకుండా తిప్పమన్నాడు.

బావగారు ఇదంతా కుర్చీలో కూర్చుని విన్నారు. "పొయ్యకండి" అన్న నా మాట దగ్గర తలెత్తారు. కాసేపటికి తన ఫోన్ తీసి ఎవరికో చేశారు.

"బాబాయ్, నేను. నా దగ్గర తీసుకెళ్ళిన పొడి వాడొద్దు. ఆఁ, నకిలీదే. నేనే చెబుతున్నాను, నకిలీది. ఉంటే పక్కన పెట్టు, పారెయ్యకు, సాక్ష్యం కావాలి."

పెట్టేసి ఇంకొకరికి చేశారు. తర్వాత ఇంకొకరికి. ముందే వాడేసినవాళ్ళు తిట్టిన తిట్లు మాక్కూడా వినిపిస్తున్నాయి. ఆయన ఫోన్ చెవి దగ్గర్నుంచి తియ్యకుండా చివరిదాకా విని, "అవునండీ," అని మళ్ళీ తర్వాతి వాళ్ళకి చేశారు. ఒకతను తండ్రిని కలిపి తిట్టాడు. దానికీ "అవునండీ" అన్నారు. అక్క గోడకి ఆనుకుని నిలబడి నోరు నొక్కుకుని ఏడ్చింది.

కొందరు నాకు ఫోటోలు పంపడం మొదలుపెట్టారు. ఎలా తియ్యాలో దివిసీమ అతనికి చెప్పినట్టే చెప్పాను. ముందెప్పుడో కొన్నవాళ్ళ ప్యాకెట్లలో ఎర్రగీతా ప్యాకెట్టు మీది అచ్చూ చక్కగా కలిసిపోయాయి. ఈ మధ్య కొన్నవాటిలోనే సందు కనిపించింది. బావగారికి అప్పుడు గుర్తొచ్చింది. మామూలుగా తెచ్చే ఏజెంటు మానేశాక, అతని పేరే చెప్పుకుంటూ కొత్తగా ఒకతను వ్యానులో సరుకు తెచ్చి దించాడు. ధరలో తేడా లేదు, బిల్లు ఇచ్చాడు, అందుకే అనుమానం రాలేదు. అతనికి ఫోన్ చేస్తే నంబరు పనిచెయ్యట్లేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ పనిచెయ్యలేదు.

ఆ రోజే బావగారు ప్యాకెట్లు పట్టుకుని పోలీసు స్టేషనుకి వెళ్ళారు. తన మీద కేసు పెట్టినా సరే, వ్యాను మనిషిని మాత్రం వెతకమన్నారు. నేను కొలిచి పెట్టినవన్నీ ఇచ్చాను. అక్కడి ఎస్సై చూసి, "ఇది దారి చూపిస్తుందమ్మా. కోర్టుకి మాత్రం కంపెనీ వాళ్ళు, ల్యాబు వాళ్ళు చెప్పాలి," అన్నాడు. అది నిజమే. తర్వాత ల్యాబు చెప్పింది కూడా. పొడిలో బతికున్నదంటూ ఏమీ లేదు. అయినా రొయ్యలు చావడానికి అదొక్కటే కారణమని ఎవరూ రాసివ్వలేదు. కేసు ఇంకా నడుస్తోంది. కొట్టు మూతపడింది. వెనక గదిలోని మందులు అక్క వేరే కొట్టువాళ్ళకి ఇచ్చేసింది. బావగారు ఇప్పుడు ఒక ఐసు ఫ్యాక్టరీలో పనికి వెళ్తున్నారు. వాయిదా ఉన్నప్పుడు బందరు వెళ్ళొస్తారు. ఇంట్లో ఉన్నంతసేపూ పెద్దగా మాట్లాడరు. అక్క మాత్రం ఆయన భోజనానికి రావడం కాస్త ఆలస్యమైతే ఇప్పటికీ వీధిలోకి వచ్చి నిలబడుతుంది.

దివిసీమ చెరువు పూర్తిగా నిలబడలేదు. మంచి పొడి సాయంత్రానికి అందింది గానీ, ఇక ఆగడం మంచిది కాదని అతను రొయ్యని చిన్న సైజులోనే పట్టేశాడు. వచ్చిన డబ్బు పెట్టిన మేతకి సరిపోయిందో లేదో.

మెట్ల మీద కూర్చున్నావిడని మొన్నామధ్య బందరు చేపల మార్కెట్లో చూశాను. చెరువు వదిలేసి చేపలమ్ముకుంటోంది. నన్ను గుర్తుపట్టి పిలిచింది. తమ్ముడెలా ఉన్నాడని అడిగాను. చెరువులో మళ్ళీ రొయ్యపిల్ల వేశాడని చెప్పింది.

"మీ బావ ఎలా ఉన్నాడు?" అంది.

చెప్పాను.

"ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండిద్ది నాకు," అంది కత్తిపీట మీద చేప తల తెగ్గోస్తూ. ఆ తలని పక్కకి నెట్టి, "అంతమందికి తనే ఫోన్ చేశాడు కదా. అది కూడా గుర్తొస్తా ఉంటది," అంది. ఇంతలో వేరే బేరం వచ్చింది. ఆవిడ అటు తిరిగి ధర చెప్పడం మొదలుపెట్టింది. నేను కొన్న చేపల సంచి పట్టుకుని బస్టాండు వైపు నడిచాను.